ఈస్ట్ టూ హైబ్రిడ్‌లో కాలనీలు వచ్చాయి, కో-ఐపీలో 50 దగ్గర బ్యాండ్ వచ్చింది. ఇక నమ్మేయొచ్చా?

చోడిచేను (విజయనగరం)

అందరికీ నమస్తే. నేను పీహెచ్‌డీ మూడో ఏడు, చోడి మొక్కలో నీటి ఎద్దడికి స్పందించే ఒక బీజిప్ ప్రోటీన్ మీద పని చేస్తున్నాను. డీఎన్‌ఏ మీద కూర్చుని జీన్లను ఆన్ చేసే రకం. దీనికి జోడీగా ఏ ప్రోటీన్లు ఉన్నాయో పట్టుకోవాలని ఈస్ట్ టూ హైబ్రిడ్ పెట్టాను. మొత్తం ప్రోటీన్‌ని బెయిట్‌గా పెడితే జోడీ ప్రోటీన్, అంటే ప్రే, లేకుండానే హిస్టిడిన్ లేని ప్లేటు మీద ఈస్ట్ పెరిగిపోయింది, అందుకని ముందు భాగం కోసేసి, ఆ లీకేజీని అణిచే 3-ఏటీ 5 మిల్లీమోలార్ వేస్తే ఆగింది. తర్వాత ఆకు సీడీఎన్‌ఏ లైబ్రరీతో మేటింగ్ చేస్తే 61 కాలనీలు, అడినిన్ కూడా తీసేసిన ప్లేటు మీద 14 మిగిలాయి. అందులో 8 సీక్వెన్సింగ్‌కి పంపాను. రెండు రైబోజోమ్‌వి, ఒకటి క్లోరోఫిల్ పట్టుకునే ప్రోటీన్, రెండు అసలు ఫ్రేమ్‌లోనే లేవు, ఒకటి యుబిక్విటిన్, ఒకటి ఇంకో బీజిప్, ఒకటి డబ్ల్యూడీ40 ప్రోటీన్.

డబ్ల్యూడీ40 నచ్చింది. దానికి హెచ్‌ఏ ట్యాగ్ మూడు కాపీలు తగిలించాను, మొత్తం 50 కిలోడాల్టన్లు. బెయిట్‌కి జీఎఫ్‌పీ. కో-ఐపీ కోసం రెండూ పొగాకు ఆకులోకి ఎక్కించి, జీఎఫ్‌పీ యాంటీబాడీతో లాగి, హెచ్‌ఏతో బ్లాట్ చేశాను. సరిగ్గా 50 దగ్గర బ్యాండ్! కంట్రోల్ లేన్‌లో ఏమీ లేదు. మా గైడ్ గారు "రెండు పద్ధతులూ ఒకే మాట చెప్తున్నాయి, ఫిగర్ చేసెయ్" అన్నారు. నాకెందుకో రాత్రి నిద్ర పట్టడం లేదు, ఆ బ్యాండ్ మరీ అందంగా ఉంది. మీలో ఎవరైనా ఈ రెండూ చేసినవాళ్ళుంటే చెప్పండి.

గజపతినగరం_శీను

చెల్లీ, టెన్షన్ ఎందుకు? ఈస్ట్‌లో వచ్చేవాటిలో సగానికి పైగా చెత్తే, అది అందరికీ తెలిసిందే. అందుకే రివ్యూయర్లు కో-ఐపీ అడుగుతారు. కో-ఐపీలో వచ్చిందంటే మొక్క లోపల నిజంగా కలుస్తున్నాయని అర్థం. నీకు వచ్చేసింది. నేను ఎమ్మెస్సీలో ఉన్నప్పుడు మా సీనియర్లు కూడా ఇదే చెప్పేవారు, టూ హైబ్రిడ్ వెతకడానికి, కో-ఐపీ రుజువుకి.

నాగావళిఒడ్డు (శ్రీకాకుళం)

చెల్లీ, ఫిగర్ చెయ్యకు, ఆగు. ముందు మూడు విషయాలు చెప్పు. కంట్రోల్ లేన్‌లో ఏం పెట్టావు, యాంటీబాడీ లేని ఖాళీ బీడ్స్ మాత్రమేనా? లాగడానికి వాడిన జీఎఫ్‌పీ యాంటీబాడీ ఎలుకదా, కుందేలుదా? బ్లాట్‌కి వాడిన హెచ్‌ఏ యాంటీబాడీ దేనిది? ఇంకొకటి, బ్లాట్ పూర్తి ఫోటో తీసి చూడు, కిందన 25 దగ్గర ఇంకో బ్యాండ్ ఉందేమో.

చోడిచేను

అక్కా, కంట్రోల్‌లో ఖాళీ ప్రోటీన్-జీ బీడ్సే పెట్టాను, లైసేట్ మాత్రం అదే. జీఎఫ్‌పీది ఎలుక మోనోక్లోనల్, హెచ్‌ఏది కూడా ఎలుకదే. 25 దగ్గర... ఉంది అక్కా. పెద్ద బ్యాండే. డీగ్రేడ్ అయిందేమో అనుకుని ఫోటో కత్తిరించాము.

నాగావళిఒడ్డు

అదే అనుకున్నాను. నువ్వు చూసింది నీ డబ్ల్యూడీ40 కాకపోవచ్చు, నువ్వే వేసిన యాంటీబాడీ. జెల్ బఫర్‌లో వేడి చేసినప్పుడు బీడ్స్ మీద ఉన్న జీఎఫ్‌పీ యాంటీబాడీ ఊడిపోయి రెండు ముక్కలవుతుంది, పెద్ద గొలుసు 50 దగ్గర, చిన్న గొలుసు 25 దగ్గర. బ్లాట్ చివర నువ్వు వేసే సెకండరీ, ఎలుక యాంటీబాడీ ఎక్కడ కనబడితే అక్కడ పట్టుకుంటుంది, దానికి ఇది హెచ్‌ఏ మీద కూర్చున్నదా, జెల్‌లో నడిచి వచ్చినదా అన్న తేడా తెలియదు. ఖాళీ బీడ్స్‌లో యాంటీబాడీ వెయ్యలేదు కాబట్టి అక్కడ బ్యాండ్ రాదు. అందుకే నీ కంట్రోల్ అంత శుభ్రంగా ఉంది. ప్రోటీన్ కలిసినా కలవకపోయినా ఆ రెండు లేన్లూ అచ్చం అలాగే కనబడతాయి.

నీకు కావలసిన కంట్రోల్ వేరు. బెయిట్‌కి బదులు ఉత్త జీఎఫ్‌పీ, దానితో పాటు అదే హెచ్‌ఏ-డబ్ల్యూడీ40, అదే యాంటీబాడీ, అవే బీడ్స్, అన్నీ అవే. ఒక్క బెయిట్ మాత్రమే మారాలి. గొలుసుల గోల పోవాలంటే అల్పాకా నానోబాడీ అతికించిన జీఎఫ్‌పీ బీడ్స్ కొను, అందులో పెద్ద గొలుసూ ఉండదు, చిన్న గొలుసూ ఉండదు. అంత డబ్బు లేకపోతే లాగడానికి కుందేలుది వాడి, బ్లాట్‌కి ఎలుకది ఉంచి, కుందేలుని ముట్టుకోని సెకండరీ తీసుకో.

గజపతినగరం_శీను

అయితే అది రుబిస్కో అయి ఉంటుంది కదా? ఆకులో ఎక్కడ చూసినా రుబిస్కోయే, దాని పెద్ద భాగం కూడా 50 పైచిలుకే.

నాగావళిఒడ్డు

శీనూ, రుబిస్కో నిజంగానే ఆ ఎత్తులోనే నడుస్తుంది, బీడ్స్‌కి అంటుకుంటుంది కూడా. పాన్సో రంగు వేస్తే పొర మీద ఎర్రటి పట్టీలా కనబడుతుంది. కానీ హెచ్‌ఏ యాంటీబాడీ దాన్ని గుర్తించే పని లేదు, మామూలుగా అది చేసే అన్యాయం ఏమిటంటే ఆ ఎత్తులో లేన్‌ని ఉబ్బించి పక్కనున్న బ్యాండ్‌ని వంచేస్తుంది. ఈ అమ్మాయి కేసులో 25 దగ్గర జోడీ బ్యాండ్ ఉంది చూడు, రుబిస్కోకి ఆ జోడీ రాదు.

"కో-ఐపీలో వస్తే మొక్క లోపల కలుస్తున్నట్టే" అన్న మాట కూడా సగమే నిజం. కణాన్ని పగలగొట్టాక గదులన్నీ కూలిపోతాయి, న్యూక్లియస్‌లో ఉండేదీ క్లోరోప్లాస్ట్‌లో ఉండేదీ ఒకే బఫర్‌లో ఈదుతాయి. అప్పుడు కొత్తగా కలిసినవి కూడా బీడ్స్ మీదకి వస్తాయి.

రాజాం_ల్యాబ్

నేను రాజాంలో డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. మీరు ఫాల్స్ పాజిటివ్ గురించి మాట్లాడుతున్నారు కాబట్టి అడుగుతున్నాను, ఏ కంపెనీ కిట్ వాడుతున్నారు? మాకు ఎలైజాలో ఒక పెద్దాయనకి హార్మోన్ రిపోర్ట్ మూడుసార్లు ఎక్కువ వచ్చింది, ఒంట్లో దానికి తగ్గ లక్షణం ఒక్కటీ లేదు. చివరికి తేలింది ఏమిటంటే ఆయన రక్తంలో ఎలుక యాంటీబాడీలను పట్టుకునే యాంటీబాడీలు ఉన్నాయి. కిట్‌లోని రెండు యాంటీబాడీలకూ మధ్యలో అవే వంతెన కట్టేశాయి, హార్మోన్ లేకుండానే రంగు వచ్చింది.

నాగావళిఒడ్డు

ఇక్కడ కిట్ ఏమీ లేదండీ, పేషెంట్ శాంపిల్ కూడా కాదు. ఒక ప్రోటీన్‌ని లాగి దానితో పాటు ఏది వస్తుందో చూడటం. కానీ మీరు చెప్పిన కేసు ఈ అమ్మాయికి బాగా పనికొస్తుంది. వెతికే వస్తువు లేకుండానే మధ్యలో ఇంకొకటి దూరి వంతెన కట్టడం. ఆ వంతెన సంగతికే వస్తున్నాను.

చెల్లీ, నీ బెయిట్ డీఎన్‌ఏని పట్టుకునే ప్రోటీన్ కదా. నీ డబ్ల్యూడీ40 కూడా క్రోమాటిన్ మీద ఉండే రకం అయితే రెండూ ఒకదాన్నొకటి ముట్టుకోకపోయినా ఒకే డీఎన్‌ఏ ముక్క మీద దూరదూరంగా కూర్చుని కలిసి రావచ్చు. తాడు లాగితే తాడుకి కట్టినవన్నీ వచ్చినట్టు. ఈ సంగతి 1992లోనే లై, హెర్ అన్న ఇద్దరు చూపించారు, లైసేట్‌లో ఎథీడియం బ్రోమైడ్ వేస్తే డీఎన్‌ఏ వల్ల కలిసి వచ్చినవి విడిపోతాయి, నేరుగా పట్టుకున్నవి నిలబడతాయి. ఇప్పుడు చాలామంది బెంజోనేజ్ వేసి డీఎన్‌ఏని నరికేస్తున్నారు. నువ్వు వేశావా?

చోడిచేను

వేశాను అక్కా, ఒకసారి. అరగంట ఉంచాను. బ్యాండ్ ఏమీ తగ్గలేదు. కానీ ఇప్పుడు అది యాంటీబాడీ బ్యాండ్ అంటున్నారు కాబట్టి తగ్గకపోవడంలో అర్థమే లేదు కదా.

నాగావళిఒడ్డు

అర్థం లేదు, నిజమే. దానికి తోడు నీ లైసిస్ బఫర్‌లో ఈడీటీఏ ఉందా? ఉంటే బెంజోనేజ్ ఉత్తి నీళ్ళతో సమానం, దానికి మెగ్నీషియం కావాలి, ఈడీటీఏ ఉన్న మెగ్నీషియం అంతా మింగేస్తుంది. ఈడీటీఏ తీసేసి మెగ్నీషియం క్లోరైడ్ 2 మిల్లీమోలార్ వెయ్యి. పని చేసిందో లేదో ఊహించుకోవద్దు, వేసిన లైసేట్, వెయ్యని లైసేట్ చెరో 10 మైక్రోలీటర్లు అగరోజ్ జెల్ మీద నడుపు. వెయ్యనిదాంట్లో పైన డీఎన్‌ఏ కనబడాలి, వేసినదాంట్లో పోవాలి.

చోడిచేను

ఈడీటీఏ 5 మిల్లీమోలార్ ఉంది. 🙁

పలాస_ఉష

నాది ఆర్‌ఎన్‌ఏ పట్టుకునే ప్రోటీన్, నా అనుభవం చెప్తాను. జత అయిందని ఏడాదిన్నర నమ్మాను. తర్వాత ఒకరు అడిగారు, ఒక ప్రోటీన్ ఒక ఆకులో, ఇంకొకటి వేరే ఆకులో ఎక్కించి, విడివిడిగా నూరి, లైసేట్లు కలిపి లాగి చూశావా అని. చేశాను. అదే బ్యాండ్, అంతే బలంగా! అంటే బతికున్న కణంలో ఎప్పుడూ కలవని రెండు ప్రోటీన్లు ట్యూబ్‌లో కలిశాయి. 2004లో మిలి, స్టైట్జ్ ఆర్‌ఎన్‌ఏ ప్రోటీన్ల మీద సరిగ్గా ఇదే చూపించారని నాకు అప్పుడే తెలిసింది. ఆ రోజు ల్యాబ్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. చెల్లీ, ఈ కంట్రోల్ ఖర్చు రెండు ఆకులు, చేసెయ్యి.

బొబ్బిలి_మాస్టారు

నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తాను, ల్యాబ్ అనుభవం తక్కువ. ఒక సందేహం. ఇంతసేపూ కో-ఐపీ తప్పులే చెప్తున్నారు. మరి ఈస్ట్‌లో తప్పు ఎక్కడ దూరుతుంది? 1989లో ఫీల్డ్స్, సాంగ్ చేసిన పని పిల్లలకి చెప్తుంటాను, గాల్4 ప్రోటీన్‌ని రెండు ముక్కలు చేసి, బెయిట్, ప్రే కలిస్తే ముక్కలు దగ్గరకొచ్చి జీన్ ఆన్ అవుతుందని. అక్కడ యాంటీబాడీ లేదు, బీడ్స్ లేవు, నూరడం లేదు. చాలా శుభ్రంగా అనిపిస్తుంది.

నాగావళిఒడ్డు

మాస్టారూ, మంచి ప్రశ్న. యాంటీబాడీ లేని మాట నిజమే, కానీ అక్కడ మనం ప్రోటీన్‌ని చూడటం లేదు, ఈస్ట్ బతికిందా లేదా అని చూస్తున్నాం. బతకడానికి ఈస్ట్‌కి వేరే దారులు దొరుకుతాయి. ప్రే తనంతట తానే ఆ ప్రమోటర్ మీద కూర్చుంటే బెయిట్ అక్కరలేకుండానే జీన్ ఆన్ అవుతుంది. ఈ అమ్మాయి ప్రే లేకుండా బెయిట్‌ని పరీక్షించింది, మంచిదే, కానీ బెయిట్ లేకుండా ప్రేని పరీక్షించినట్టు ఎక్కడా రాయలేదు. ఖాళీ బెయిట్‌తో ఒకసారి, దీనితో సంబంధం లేని లామిన్ బెయిట్‌తో ఒకసారి పెట్టాలి. అన్నిటికీ అంటుకునే జిడ్డు ప్రోటీన్ అయితే లామిన్‌తో కూడా పెరుగుతుంది.

ఇంకొకటి, లైబ్రరీ నుంచి వచ్చిన ఒక్కో ఈస్ట్ కణంలో రెండు మూడు ప్రే ప్లాస్మిడ్లు ఉండొచ్చు. నువ్వు సీక్వెన్స్ చేసింది ఒకటి, ఈస్ట్‌ని బతికించింది ఇంకొకటి కావచ్చు. ప్లాస్మిడ్‌ని బయటకి తీసి, ఈ.కోలైలోకి ఎక్కించి, శుభ్రంగా ఒక్కదాన్నే మళ్ళీ కొత్త ఈస్ట్‌లోకి వేసి చూడాలి. మూడో రోజుకి గట్టిగా, తెల్లగా పెరిగిన కాలనీ వేరు, ఏడో రోజున సన్నగా, ఎర్రగా కనబడేది వేరు. ఆ ఎరుపు అడినిన్ జీన్ సరిగ్గా ఆన్ అవ్వలేదని చెప్పే రంగు.

క్లోరోఫిల్ ప్రోటీన్ ఎందుకు వచ్చిందంటే ఆకు లైబ్రరీలో అది కుప్పలు తెప్పలుగా ఉంటుంది. ఈస్ట్‌లో దాన్ని క్లోరోప్లాస్ట్‌కి పంపే దారి లేదు, న్యూక్లియస్‌లోకి తోసేస్తాం, అక్కడ ఏదో ఒకదానికి అతుక్కుంటుంది. మొక్కలో ఆ రెండూ ఒకే గదిలో ఉండవు.

గజపతినగరం_శీను

అంటే రెండిట్లోనూ వస్తే కూడా నమ్మకూడదా? ఇక పేపర్ ఎవరు రాయగలరు అక్కా.

నాగావళిఒడ్డు

నమ్మొచ్చు శీనూ, కానీ రెండిట్లో తప్పు వచ్చే దారులు వేరువేరుగా ఉన్నప్పుడే. యాంటీబాడీ గొలుసు ఈస్ట్ ప్లేటు మీద కాలనీని పెంచలేదు. హిస్టిడిన్ జీన్ లీకేజీ బ్లాట్ మీద బ్యాండ్ ఇవ్వలేదు. కాబట్టి ఒక పద్ధతి చేసే తప్పు రెండోదాంట్లో మామూలుగా బయటపడుతుంది. కానీ జిడ్డు ప్రోటీన్ రెండిట్లోనూ జిడ్డే. అది రెండుచోట్లా పాజిటివ్ వస్తుంది, రెండు సాక్ష్యాలు అనుకుంటాం, నిజానికి ఒకటే.

అందుకని నేను అడిగేది మ్యూటెంట్. బెయిట్‌లో ఏ భాగం పట్టుకుంటోందో ఈస్ట్‌లో ముక్కలు కోస్తూ కనుక్కో. ఆ భాగం పోతే కాలనీ పోవాలి. అదే మ్యూటెంట్‌ని ఆకులో లాగితే బ్యాండ్ పోవాలి. జిడ్డుతనం ఒక మూల 60 అమినో ఆమ్లాలు తీసేస్తే పోదు. అయితే కోసిన ముక్క ఈస్ట్‌లో అసలు తయారవుతోందో లేదో మిక్ ట్యాగ్ బ్లాట్‌తో చూపించాలి, ఇంకో జోడీతో మాత్రం ఇంకా కలుస్తోందని కూడా చూపించాలి. నీకు రెండో బీజిప్ ఉందిగా, అది దానికి వాడుకో.

వస్తే నిజమా అన్నది ఒక ప్రశ్న. రాకపోతే అబద్ధమా అన్నది ఇంకో ప్రశ్న, అది కూడా గుర్తుంచుకో. బ్రాన్ బృందం 2009లో, నిజంగా కలుస్తాయని ముందే తెలిసిన జతలను తీసుకుని ఇలాంటి రెండు ప్రోటీన్ల పరీక్షలు కొన్నింటిని పోల్చి చూస్తే, ఏ ఒక్క పరీక్షా వాటిలో ఐదో వంతు నుంచి మూడో వంతుకి మించి పట్టుకోలేదు. కాబట్టి ఒకదాంట్లో రాలేదని పారెయ్యకు.

చోడిచేను (మూడున్నర వారాల తర్వాత)

అందరికీ థాంక్స్. మధ్యలో ఇంక్యుబేటర్ 30 నుంచి 36కి పోయి ఒక బ్యాచ్ ప్లేట్లు మొత్తం పోయాయి, అందుకే ఆలస్యం. ఏం జరిగిందో చెప్తాను.

ప్లాస్మిడ్లు తీసి మళ్ళీ వేస్తే 8లో 5 పెరిగాయి. అందులో యుబిక్విటిన్, ఒక రైబోజోమ్ ప్రోటీన్ లామిన్‌తో కూడా పెరిగాయి, వాటిని పక్కన పెట్టేశాను. రెండో బీజిప్, క్లోరోఫిల్‌ది, డబ్ల్యూడీ40 మిగిలాయి. డబ్ల్యూడీ40 ఖాళీ బెయిట్‌తో పెరగలేదు. పదింతలు పలుచన చేస్తూ నాలుగు చుక్కలు పెడితే, నా బెయిట్‌తో నాలుగో చుక్క వరకూ తెల్లగా వచ్చింది. ఆ ప్లేటు మూత తీస్తే వచ్చే బ్రెడ్ వాసన ఎంత హాయిగా ఉందో.

బెయిట్ చివరి 60 అమినో ఆమ్లాలు తీసేస్తే డబ్ల్యూడీ40తో మొదటి చుక్క కూడా రాలేదు, రెండో బీజిప్‌తో మాత్రం ఎప్పటిలా పెరిగింది. మిక్ బ్లాట్‌లో రెండు బెయిట్లూ సమానంగా ఉన్నాయి.

ఇప్పుడు కో-ఐపీ. పక్క డిపార్ట్‌మెంట్ వాళ్ళ దగ్గర నానోబాడీ బీడ్స్ కొన్ని అడిగి తెచ్చుకున్నాను. మొదట చెప్పాల్సింది, పాత బ్యాండ్ అబద్ధమే. ఉత్త జీఎఫ్‌పీ, పాత ఎలుక యాంటీబాడీతో చేస్తే అదే ఎత్తులో అదే బ్యాండ్ వచ్చింది. గైడ్ గారికి రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూపించాను, చాలాసేపు చూసి "మంచిపని చేశావు" అన్నారు. నానోబాడీతో చేస్తే బెయిట్ లేన్‌లో 50 దగ్గర బ్యాండ్ వచ్చింది, ముందుకంటే పల్చగా, ఉత్త జీఎఫ్‌పీ లేన్‌లో దాదాపు ఏమీ లేదు. ఈడీటీఏ తీసి మెగ్నీషియం వేసి బెంజోనేజ్ పెడితే, అగరోజ్ మీద డీఎన్‌ఏ పూర్తిగా పోయింది, బ్యాండ్ సుమారు సగానికి తగ్గింది కానీ పోలేదు. ఉషక్క చెప్పిన రెండు ఆకుల కంట్రోల్‌లో బ్యాండ్ రాలేదు. చాలా సంతోషం వేసింది.

కానీ మ్యూటెంట్ దగ్గర ఆగిపోయాను. 60 తీసేసిన బెయిట్‌ని ఆకులో లాగితే బ్యాండ్ తగ్గింది, పోలేదు. బెంజోనేజ్ వేసినా ఉంది. ఈస్ట్ పూర్తిగా పోయిందంటోంది, కో-ఐపీ కొంచెం ఉందంటోంది. ఎవరి మాట వినాలి?

గజపతినగరం_శీను

ఆకులో వచ్చిందే వినాలి, ఈస్ట్ మొక్క కాదు కదా. ఇక్కడ మాత్రం నేను గట్టిగా చెప్తున్నాను.

నాగావళిఒడ్డు

శీనూ, ఈ ఒక్కచోట ఈస్ట్ మొక్క కాకపోవడమే మేలు. బీజిప్‌లు ఒంటరిగా ఉండవు, జంటగా ఉంటాయి. పొగాకు ఆకులో పొగాకు సొంత బీజిప్‌లు ఉన్నాయి. ఈ అమ్మాయి తీసేసింది తోకని, జత కట్టే జిప్పర్‌ని కాదు. అంటే మ్యూటెంట్ వెళ్ళి పొగాకు బీజిప్‌తో జత కట్టవచ్చు, దానికి తోక ఉంది, డబ్ల్యూడీ40 ఆ తోకని పట్టుకుంటుంది. బీడ్స్ మీదకి ముగ్గురూ వస్తారు. మ్యూటెంట్ నేరుగా పట్టుకోకపోయినా బ్యాండ్ కనబడుతుంది. ఈస్ట్‌లో కూడా బీజిప్‌లు ఉన్నాయి, కానీ ఈ మొక్క తోక లాంటిది వాటికి ఉంటుందని నేననుకోను, అందుకే అక్కడ జవాబు తెగినట్టు వచ్చి ఉంటుంది.

ఇది నా ఊహ, రుజువు కాదు. తోకతో పాటు జిప్పర్‌ని కూడా పాడుచేసిన మ్యూటెంట్ పెట్టు, పొగాకు జత కట్టలేదు, నా ఊహ నిజమైతే ఆ మిగిలిన బ్యాండ్ కూడా పోవాలి.

పలాస_ఉష

జిప్పర్ పాడుచేస్తే ప్రోటీన్ నిలబడకపోవచ్చు అక్కా, డీఎన్‌ఏ మీద కూడా కూర్చోదు, అప్పుడు బ్యాండ్ పోయినా ఎందుకు పోయిందో మళ్ళీ తెలీదు. నా మాట వింటే రెండిట్నీ ఈ.కోలైలో చేసి, శుద్ధి చేసి, ట్యూబ్‌లో కలిపి చూడమంటాను. అక్కడ పొగాకూ లేదు, ఈస్టూ లేదు.

నాగావళిఒడ్డు

ఉష చెప్పింది కూడా సబబే. నాకున్న అనుమానం ఒకటే, డబ్ల్యూడీ40లు ఈ.కోలైలో చాలాసార్లు సరిగ్గా మడత పడవు, ముద్దగా కిందకి దిగిపోతాయి. ఎంబీపీ తగిలించి, 16 డిగ్రీల దగ్గర రాత్రంతా పెంచి చూడు. కరిగితే అదృష్టం.

బొబ్బిలి_మాస్టారు

క్లోరోఫిల్ ప్రోటీన్ కూడా లామిన్‌తో పెరగలేదు, మీ బెయిట్‌తో పెరిగింది అన్నారు. మరి దాన్ని అబద్ధం అనడానికి మొక్కలో గది వేరు అన్న ఒక్క కారణం చాలునా?

నాగావళిఒడ్డు

మాస్టారూ, అది అబద్ధమని నేను కూడా రుజువు చేయలేను. క్లోరోప్లాస్ట్‌కి వెళ్ళేముందు ఆ ప్రోటీన్ సైటోప్లాజమ్‌లోనే తయారవుతుంది, అక్కడ కాసేపు కలుస్తుందంటే కాదనలేం. నేనైతే దాని మీద ఏడాది పెట్టను, అంతే.

చోడిచేను

జిప్పర్ మ్యూటెంట్‌కి ప్రైమర్లు ఇవాళే ఆర్డర్ పెట్టాను, ఎంబీపీ వెక్టర్ ఉష అక్క పంపిస్తానన్నారు. తోక తీసేసిన బెయిట్ బ్లాట్ పూర్తి ఫోటో, ఏమీ కత్తిరించకుండా, 25 దగ్గర వరకూ కనబడేలా, రేపు ఇక్కడ పెడతాను.